సాగర్ ఒడ్డు జాలర్ల మాటలు ఇంగ్లీషులోకి: "పోటు"కి హై టైడ్ అని రాస్తే తప్పా?

దేవరకొండ_పోరడు | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే, జర పెద్ద పోస్టు, ఓపికతోని చదవండి. ఒక రీసెర్చ్ మేడమ్ సాగర్ ఒడ్డుకీ కొల్లాపూర్ దిక్కుకీ పోయి చేపలు పట్టేటోళ్లతోని మాట్లాడి రికార్డు చేసుకొచ్చింది, మొత్తం 11 ఆడియోలు. ఆమెకు తెలుగు రాదు, నేను విని తెలుగులో రాసి దాన్ని ఇంగ్లీషు చెయ్యాలె. మాది దేవరకొండ, చెరువుల మీద వల విసురుడు చూసినోన్నే, కాబట్టి ఈజీ అనుకున్న. ఇప్పుడు ఇరుక్కున్న.

చందంపేట దిక్కు ఒక పెద్దాయన ఉన్నడు, వాళ్ల నాయిన సముద్రం దిక్కు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డడు, ఈయన పుట్టింది పెరిగింది సాగర్ ఒడ్డునే. ఆయన మాట రికార్డింగ్‌ల ఇట్ల ఉంది: "పోటు మీదున్నప్పుడు వల కట్టం బాబూ. పాటు తీశాక ఒడ్డు ఎంట కట్టుకుంటాం. మా నాన్న రోజుల్లో అలివి లాగేవోళ్లు, అది వేరే వేట." నేను ఏం చేసిన్నంటే డిక్షనరీ చూసి పోటుకి హై టైడ్, పాటుకి లో టైడ్ అని రాసి పంపిన. మేడమ్ ఏమడిగిందంటే, రిజర్వాయర్ల టైడ్ ఎక్కడిది, ఆయన సముద్రం సంగతి చెప్తున్నడా సాగర్ సంగతి చెప్తున్నడా అని. నాకు జవాబు తెల్వలే. ఈ మాటలు తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్, ఆయన చెప్పింది చెప్పినట్టు పోవాలె అని నాకుంది.

పాలమూరు_రవ్వ | శనివారం రాత్రి 10:05

తమ్మీ నువ్వు రాసింది కరెక్టే, టెన్షన్ పడకు. టైడ్ అంటే చంద్రుడు నీళ్లను గుంజుడు, చంద్రునికి సముద్రం వేరు రిజర్వాయర్ వేరు అని ఉండదు కదా, ఎక్కడ నీళ్లుంటే అక్కడ గుంజుతడు. మా దిక్కు కూడ పున్నమి రోజుల్ల చేపలు తక్కువ పడ్తయి, అంటే చంద్రుని ఎఫెక్ట్ ఉన్నట్టే కదా. ఇంకోటి, పాటు అనేది మాటే కాదు, అసలు మాట ఆటు. ఆటుపోట్లు అంటం కదా. ఆయన పెద్దమనిషి, పళ్లు లేక పాటు అన్నడేమో, నువ్వు ఆటు అని దిద్దుకో.

ఉప్పుగాలి | శనివారం రాత్రి 11:20

అన్నా దయచేసి దిద్దొద్దు. పాటు అసలైన మాటే. మా అమ్మమ్మ వాళ్లది విశాఖ దగ్గర తీరం, మా తాతయ్య సాగర్‌కి వచ్చేశారు, నేను హిల్ కాలనీలో పెరిగాను. మా ఇంట్లో ఎప్పుడూ పోటు పాటు అనే జత, ఆటు అని ఎవరూ అనడం నేను వినలేదు, అది పుస్తకాల్లో చదివాను. ఆటు, పాటు రెండూ ఒకటే అర్థం, నీళ్లు వెనక్కి తీయడం. ఆయన నోట్లోంచి ఏ మాట వచ్చిందో అదే ఉంచండి, ఎందుకంటే ఆ ఒక్క మాటే ఆయన వాళ్ల నాన్న ఎక్కడ నుంచి వచ్చారో చెబుతుంది.

రవ్వ గారూ, పున్నమి గురించి మీరు చూసింది నిజమే, కారణం వేరు. వెన్నెల్లో వల చేపకు కనబడుతుంది, పక్కకు తప్పుకుంటుంది, అందుకే కట్టు వలకి వెన్నెల రాత్రుల్లో తక్కువ పడతాయి. దానికి నీళ్లు పెరగడంతో పనిలేదు. చంద్రుడు లాగేది నిజమే కానీ సాగర్ లాంటి చిన్న నీళ్లలో అది కంటికి కనపడేంత ఉండదు. సముద్రంలో పోటు అయితే ఒడ్డున కూర్చుని చూస్తే తెలుస్తుంది, ఆరు గంటలకు పైన ఎక్కుతుంది, ఆరు గంటలకు పైన తీస్తుంది, రోజులో రెండుసార్లు, ఈరోజు ఎక్కిన టైమ్ కంటే రేపు ఓ యాభై నిమిషాలు ఆలస్యంగా ఎక్కుతుంది. అమాస పోటు, పున్నమి పోటు పెద్దవి, సప్తమి అష్టమిలకి చిన్నవి. పోరడు తమ్ముడూ, ఆ పెద్ద పోటుని ఇంగ్లీషులో స్ప్రింగ్ టైడ్ అంటారు, అది చూసి వసంతకాలం అనుకోకు, దానికీ వసంతానికీ సంబంధం లేదు, నెలకి రెండుసార్లు వస్తుంది.

కానీ అసలు విషయం ఇది. మా తాతయ్య సాగర్‌లో కూడా పోటు అనేవారు. పైనుంచి శ్రీశైలం గేట్లు ఎత్తి ఇక్కడ నీళ్లు ఎక్కుతుంటే "పోటు మీదుంది" అనేవారు. కాబట్టి మీ పెద్దాయన సాగర్ సంగతే చెబుతున్నారని నా ఉద్దేశం, హై టైడ్ తప్పు.

సొసైటీ_మెంబర్ | ఆదివారం ఉదయం 6:15

నమస్తే సార్. నాది కూడా ఇదే ప్రాబ్లం. మా చెరువు సొసైటీ తరఫున వలల కోసం అప్లికేషన్ పెడ్తున్నం, ఫారంల వల పేరు ఇంగ్లీషుల రాయాలంట. మేము తంగూస్ వల అంటం, అది ఏమని రాయాలె. అట్లనే కన్ను సైజు ఎంత అని అడిగిండ్రు, మేము రెండు వేళ్ల కన్ను అంటం, అది ఎన్ని మిల్లీమీటర్లు. అర్జంట్ సార్.

నకిరేకల్_టీచర్ | ఆదివారం ఉదయం 7:30

సొసైటీ తమ్ముడూ, ఇక్కడ మాట్లాడుతున్నది వేరే, కానీ నీది కూడా తర్వాత ఎవరో ఒకరు చెప్తారు ఆగు.

నేను రిటైర్డ్ తెలుగు టీచర్ని. ఉప్పుగాలి అమ్మాయి చెప్పింది నిజం, నేను దానికి ఒక్కటి కలుపుతాను. పోటు అంటే తెలుగులో మొదటి నుంచీ నీళ్లు ఉబికి మీదికి తోసుకురావడం. సముద్రం తోస్తే సముద్రపు పోటు, వరద తోస్తే వరద పోటు. పేపర్లో ప్రతి ఆగస్టులో చదువుతూనే ఉంటాం కదా, కృష్ణమ్మ పోటెత్తింది అని, అక్కడ ఎవరన్నా హై టైడ్ అనుకుంటామా. ఇంకో మాట ఉంది, ఎగపోటు. కింద నీళ్లు నిండి అడ్డం పడితే పైనుంచి వచ్చే వాగు నీళ్లు పోలేక వెనక్కి ఎక్కుతాయి, అది ఎగపోటు, ఇంగ్లీషులో బ్యాక్ వాటర్ అంటున్నాం ఇప్పుడు. డిండి వాగు వచ్చి సాగర్ నీళ్లలో కలిసే దగ్గర చూడొచ్చు. కాబట్టి పోటు అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో మూడు మాటలు కావాలి, ఏది రాయాలో చెప్పిన మనిషి ఏ నీళ్ల మీద నిలబడి చెప్పాడో దాన్ని బట్టి ఉంటుంది. డిక్షనరీలో మొదటి అర్థం తీసుకోవడం వల్ల వచ్చిన తప్పు ఇది. నీ మీద కోపం కాదు బాబూ, మేము క్లాసులో చెప్పినప్పుడూ ఆటుపోట్లు సముద్రానివే అని చెప్పి వదిలేశాం.

పాలమూరు_రవ్వ | ఆదివారం ఉదయం 8:10

ఓకే, వెన్నెల సంగతి ఒప్పుకుంటున్న, మా మామ కూడ అదే అన్నడు పొద్దున అడిగితే. కానీ ఒకటి చెప్పండి, సముద్రం పోటు కృష్ణల పైకి వస్తది కదా, అది సాగర్ దాకా ఎందుకు రాదు?

ఉప్పుగాలి | ఆదివారం ఉదయం 8:45

వస్తుంది, కానీ కింద డెల్టా దాకానే. తర్వాత విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ అడ్డం, దాని పైన పులిచింతల, ఆ పైన సాగర్ డ్యామే ఒక గోడ. పైగా నది ఎత్తు పెరుగుతూ పోతుంది, నిండితే సాగర్ నీటి మట్టం 590 అడుగులు, సముద్రం అంత ఎత్తు ఎక్కదు కదా.

ఈగలపెంట_క్వార్టర్స్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

నేను చిన్నప్పుడు ఈగలపెంట క్వార్టర్స్‌ల పెరిగిన, మా నాయిన పవర్‌హౌజ్‌ల చేసిండు. మీరందరు వరద పోటు అంటున్నరు, అది ఒక్కటే కాదు. శ్రీశైలం డ్యాం కింద, అంటే సాగర్ నీళ్ల తోక భాగంల, పవర్‌హౌజ్ టర్బైన్లు తిరిగితే గంటల్ల నీళ్లు ఎక్కుతయి, ఆపితే తీస్తయి. ఎడమ గట్టు పవర్‌హౌజ్‌ల ఆరు యూనిట్లున్నయి, అవి ఉల్టా కూడ తిరుగుతయి, కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడ్తయి. అంటే ఒక రోజులనే ఎక్కి దిగొచ్చు. అక్కడ పడవలు కట్టుకునేటోళ్లు తాడు పొడుగ్గ వదిలిపెట్టేది, లేకుంటే నీళ్లు తీసినంక పడవ రాళ్ల మీద వేలాడ్తది. ఎవరన్న కొత్తోడు చూస్తే టైడే అనుకుంటడు.

కాబట్టి తమ్మీ, నీకు ఒక్క ప్రశ్న చాలు. ఆయన్ని అడుగు, "ఆ పోటు ఎంతసేపు ఉంటది, మళ్ల ఎప్పుడొస్తది" అని. ఆరు గంటలు, రోజుకు రెండుసార్లు, రోజూ కొంత లేటు అంటే సముద్రం సంగతి. రోజులు, వారాలు, వానకాలంల అంటే వరద. టైమ్ లేకుండ, ఎప్పుడు కరెంటు తీస్తే అప్పుడు అంటే పవర్‌హౌజ్. పోటు అంటే ఏంది అని అడగకు, "పోటంటే పోటే" అంటడు.

దేవరకొండ_పోరడు | ఆదివారం మధ్యాహ్నం 2:00

అన్నా ఇది మస్తు పనికొచ్చింది. ఆయన ఫోన్ నంబర్ నా దగ్గర లేదు, ఆ ఊరికి పోయి అడుగుత, ఎల్లుండి బైక్ మీద పోత. అందాక అలివి సంగతి చెప్పండి ఎవరన్న. అలివి వల అంటే షోర్ సీన్ అని ఒక లిస్టుల దొరికింది. కానీ కొల్లాపూర్ దిక్కు ఆడియోలల్ల అందరు అలివి అంటే తిడ్తున్నరు, దొంగ వల అంటున్నరు. ఇల్లీగల్ నెట్ అని రాయాల్నా?

సోమశిల_గట్టు | ఆదివారం సాయంత్రం 5:30

ఇది నేను చెప్త, మాది కొల్లాపూర్ పక్కనే, మేము చిన్నప్పటి నుంచి కృష్ణల పట్టేటోళ్లం. అలివి వల అంటే మాకు కడుపు మండుతది. దోమతెర ఎట్లుంటదో దాని కన్ను అట్లుంటది, పెద్ద చేప చిన్న చేప ఏం లేదు, వేలి గోరంత పిల్లలు కూడ వస్తయి, వాటిని రాళ్ల మీద ఎండబోసి సంచుల్ల నింపి అమ్ముకుంటరు. సర్కారు వదిలిన పిల్ల పెరిగే లోపల్నే ఎండుచేప అయితది. మేము పెద్ద కన్ను వల కట్టుకుంటే ఏం పడ్తది. ఆఫీసర్లు వచ్చి కాల్చేస్తరు, మళ్ల వస్తయి. దొంగ వల అని రాయి, భయపడకు.

ఉప్పుగాలి | ఆదివారం రాత్రి 8:50

అన్నా మీ బాధ నేను ఒప్పుకుంటాను, ఇక్కడ కూడా ఆ వలలు చూశాను, చిన్న పిల్లలు అలా ఎండుతుంటే నాకూ ఏడుపొస్తుంది. కానీ ఆ పెద్దాయన మాటని అలా రాస్తే ఆయనకి అన్యాయం అవుతుంది, ఎందుకో చెబుతాను.

మా అమ్మమ్మ ఊళ్లో అలివి అంటే ఊరుమ్మడి పని. వల తాడు ఒక చివర ఒడ్డున కొందరు పట్టుకుంటారు, పడవ మిగిలిన వలని వదులుకుంటూ లోపలికి వెళ్లి అర్ధచంద్రంలా తిరిగి కాస్త దూరంలో మళ్లీ ఒడ్డుకి వస్తుంది, రెండో చివర అక్కడ ఇంకో గుంపు పట్టుకుంటుంది. ఇక రెండు గుంపులూ అడుగులో అడుగు వేస్తూ లాగుతూ దగ్గరికి వస్తారు, చేపలన్నీ మధ్యలో సంచిలా ఉన్న భాగంలోకి చేరతాయి. మగాళ్లు ఆడాళ్లు పిల్లలు అందరూ లాగుతారు, లాగిన వాళ్లందరికీ పాలు ఉంటుంది. షోర్ సీన్ అంటే సరిగ్గా ఇదే. అక్కడ ఇది దొంగ వల కాదు.

ఇక్కడ రిజర్వాయర్లో లాగే పద్ధతి అదే, పేరు అదే వచ్చింది, కన్ను మాత్రం దోమతెర అయింది. పెద్దాయన "మా నాన్న రోజుల్లో అలివి లాగేవోళ్లు" అన్నారు. ఆ నాన్న ఎక్కడ లాగారు? సముద్రంలోనా, సాగర్‌లోనా? తమ్ముడు ఇల్లీగల్ నెట్ అని రాసి పంపితే రేపు ఆ పేపర్లో ఒక ముసలాయన తన తండ్రి దొంగ వేట చేశాడని ఒప్పుకున్నట్టు అచ్చవుతుంది. ఊరు పేరు కూడా ఉంటుంది. ఆయన అన్నది అది కాదు కదా.

సోమశిల_గట్టు | ఆదివారం రాత్రి 9:15

చెల్లె నువ్వు చెప్పింది ఆలోచించిన. మీ ఊర్ల లాగినోళ్లందరికి పాలు అన్నవ్ కదా, ఇక్కడ అట్ల లేదు, పెట్టుబడి పెట్టినోడు వేరే, లాగేటోడు కూలీ. సరే ముసలాయన సంగతి వేరు రాయండి. కానీ మా ఆడియోలల్ల మాత్రం దొంగ వల అనే ఉండాలె, మేము అన్నది అదే, దాన్ని షోర్ సీన్ అని మెత్తగ రాస్తే మా గోస పోతది.

నకిరేకల్_టీచర్ | ఆదివారం రాత్రి 9:50

ఇద్దరూ కరెక్టే. ఒకే మాటకు ఒకే ఇంగ్లీషు మాట పెట్టి పదకోశం చెయ్యాలనుకోవడం దగ్గరే తప్పు జరుగుతుంది. అలివి అని తెలుగు మాటే ఉంచి, ఒక్కో ఆడియోలో అది ఏమిటో పక్కన ఒక వాక్యం రాయి. లాగే పద్ధతి ఒక వాక్యం, కన్ను సంగతి ఇంకో వాక్యం, చెప్పినాయన దాన్ని ఏమని పిలిచాడో అది అతని మాటల్లోనే.

ఇక ఆ మాట ఎక్కడిది అంటే, "అలవి కానిది" అంటాం కదా, చేతకానిది అని, అంత పెద్ద వల ఒక్కడి అలవి కాదు కాబట్టి అలివి వల అయ్యుంటుంది.

ఉప్పుగాలి | ఆదివారం రాత్రి 10:20

టీచర్ గారూ క్షమించండి, నేను విన్నది వేరు. ఏరు సముద్రంలో కలిసే నోరుని అలివి అంటారు, అక్కడ ఒడ్డున లాగేది కాబట్టి అలివి వల అని మా వాళ్లు చెబుతారు. ఏది నిజమో నేను తేల్చలేను.

నకిరేకల్_టీచర్ | ఆదివారం రాత్రి 10:40

నీ మాటే బలంగా ఉంది అమ్మా, నేను అన్నది ఊహ. అయినా దాన్ని పదకోశంలో రాయొద్దు, రెండూ వద్దు.

పాలమూరు_రవ్వ | సోమవారం ఉదయం 7:00

నాకు అర్థమైంది ఒకటి చెప్త, కరెక్టో కాదో చూడండి. వల పేరు కన్న దాని పక్కన వచ్చే క్రియ చూస్తే వల ఏందో తెలిసిపోతది. విసిరినం అంటే చేతి వల, అంటే కాస్ట్ నెట్. లాగినం, గుంజినం అంటే సీన్ లెక్క. రాత్రి కట్టి పొద్దున తీసినం అంటే గిల్ నెట్, చేప మొప్పల కాడ ఇరుక్కునేది. మా దిక్కు పది పేర్లున్నయి వలలకు, పనులు మాత్రం మూడే.

ఉప్పుగాలి | సోమవారం ఉదయం 7:40

రవ్వ గారూ ఇది చాలా బాగుంది! నేను ఎప్పుడూ అలా ఆలోచించలేదు. ఒక్క చిక్కు, "వల వేశాం" అంటే మాత్రం ఏదైనా కావచ్చు, అప్పుడు అడగాల్సిందే.

క్రియ అనగానే గుర్తొచ్చింది, పోరడు తమ్ముడూ, "వేట"కి నువ్వు ఏం రాశావు? పెద్దాయన మాటలో "అది వేరే వేట" అని ఉంది కదా.

దేవరకొండ_పోరడు | సోమవారం ఉదయం 9:05

హంటింగ్ అని రాసిన అక్కా. ఇంకో ఆడియోల "రాత్రి వేటకెళ్లి పొద్దున్నే వస్తాం" అని ఉంది, దానికి కూడ వుయ్ గో హంటింగ్ ఎట్ నైట్ అని రాసి పంపేసిన. ఎందుకు?

ఉప్పుగాలి | సోమవారం ఉదయం 9:20

అయ్యో తమ్ముడూ ఈరోజే మేడమ్‌కి రాయి. సముద్రం వాళ్లకి వేట అంటే చేపల వేటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవలు వెళ్లకూడదు, దాన్ని కూడా వేట నిషేధం అనే అంటారు. మా ఇంట్లో "నాన్న వేటకెళ్లారు" అంటే పడవెక్కారు అని. కానీ ఇక్కడ ఒడ్డు పక్కనే అమ్రాబాద్ టైగర్ రిజర్వు ఉంది. ఆ ఊరి మనిషి రాత్రి హంటింగ్‌కి వెళ్తాను అన్నాడని ఇంగ్లీషులో అచ్చయితే చదివినవాళ్లు జింకలనీ దుప్పులనీ కొడుతున్నాడు అనుకుంటారు. ఫిషింగ్ అని రాయాలి, అంతే.

దేవరకొండ_పోరడు | సోమవారం ఉదయం 9:50

రాసిన, ఇప్పుడే మెయిల్ కొట్టిన. చేతులు వణికినయి నిజంగ. మా దిక్కు వేట అంటే అడవి పందుల వేటనే కదా, నాకు ఆ ఆలోచననే రాలే. మొత్తం 11 ఆడియోలు మళ్ల మొదటి నుంచి వింటున్న.

ఇంకో డౌటు, తెప్ప. పెద్దాయన తెప్ప అంటే కాటమరాన్ అని రాసిన, ఇంగ్లీషు డిక్షనరీల అదే ఉంది.

సోమశిల_గట్టు | సోమవారం మధ్యాహ్నం 12:30

మా దిక్కు తెప్ప అంటే థర్మాకోల్ తమ్మీ. పెద్ద థర్మాకోల్ ముక్క మీద ప్లాస్టిక్ సంచి చుట్టి తాళ్లు కట్టి దాని మీద కూసొని చెక్కతోని నీళ్లు తోసుకుంట పోతం. పుట్టి ఉన్నోళ్లు పుట్టి మీద, అది వెదురు బద్దలతోని గంప లెక్క అల్లి అడుగున తారు పూసేది, మా తాతల కాలంల తోలు కట్టేది.

ఈగలపెంట_క్వార్టర్స్ | సోమవారం మధ్యాహ్నం 1:10

పుట్టికి ఇంగ్లీషుల కోరకిల్ అంటరు, అది ఒక్కటి డౌటు లేకుండ సరిపోతది. కాటమరాన్ మాత్రం వద్దు. ఆ మాట తమిళం కట్టుమరం నుంచి పోయిందే, దుంగలు కట్టిన తెప్ప అని, కానీ ఇప్పుడు ఇంగ్లీషోళ్లకు కాటమరాన్ అంటే రెండు పొట్టలున్న పెద్ద టూరిస్టు బోటు. సాగర్‌ల నాగార్జునకొండ లాంచీలు తిరుగుతయి కదా, చదివినోళ్లు ఆయన గూడ అట్లాంటిది నడుపుతున్నడు అనుకుంటరు. సముద్రం తెప్పకు లాగ్ రాఫ్ట్ అని, సోమశిల అన్న తెప్పకు థర్మాకోల్ రాఫ్ట్ అని రాయి.

సొసైటీ_మెంబర్ | సోమవారం సాయంత్రం 6:40

సార్ నాది ఎవరు చెప్పలే.

పాలమూరు_రవ్వ | సోమవారం సాయంత్రం 7:15

నేను చెప్త అన్నా. తంగూస్ వల అంటే సన్న ఒంటి నైలాన్ దారం, మోనోఫిలమెంట్ గిల్ నెట్ అని రాయండి, మీరు రాత్రి కట్టి పొద్దున తీసేది అయితేనే. కన్ను సంగతి జాగ్రత్త. మీరు రెండు వేళ్లు ఎట్ల పెడ్తరు, ముడి నుంచి పక్క ముడికా, లేకుంటే కన్ను బిగ్గ గుంజి ఈ మూల నుంచి ఆ మూలకా?

సొసైటీ_మెంబర్ | సోమవారం సాయంత్రం 7:40

ముడి నుంచి ముడికే సార్, ఒక పక్క.

పాలమూరు_రవ్వ | సోమవారం సాయంత్రం 8:00

అదే చూసుకోవాలె. అమ్మేటోళ్లు, ఆఫీసోళ్లు బిగ్గ గుంజి కొలుస్తరు, స్ట్రెచ్డ్ మెష్ అంటరు, అది మీ కొలతకు డబల్. ఒక పక్క 35 మిల్లీమీటర్లు ఉంటే వాళ్ల లెక్కల 70. మీరు 35 అని రాస్తే సగం కన్ను వల వస్తది, చిన్న చేపలు పడ్తయి, ఇంక మళ్ల సోమశిల అన్న తిడ్తడు. వేళ్లతోని వద్దు, స్కేలు పెట్టి పది కండ్లు వరసగ గుంజి కొలిచి పదితోని భాగించుండి. పోరడు తమ్మీ, నీ ఆడియోలల్ల కన్ను సైజు వస్తే నువ్వు కూడ ఏ కొలత అని రాయాలె, లేకుంటే మేడమ్ లెక్కలు సగం తప్పు పోతయి.

దేవరకొండ_పోరడు | సోమవారం రాత్రి 9:30

రెండు చోట్ల వచ్చింది అన్నా, ఏ కొలతనో ఆడియోల లేదు. అడిగి రాస్త. "ఎనిమిది బారల లోతు" అని కూడ ఒకటి ఉంది, బారకు ఫాథమ్ అని పెట్టిన.

ఉప్పుగాలి | సోమవారం రాత్రి 9:45

అది సరిగ్గా సరిపోతుంది, రెండు భాషల్లోనూ చేతులు చాపిన కొలతే. కానీ ఎనిమిది బారలని 14.63 మీటర్లు అని లెక్కేసి పెట్టకు. మా తాతయ్య బార వేరు, పొట్టిగా ఉండే మా చిన్నాన్న బార వేరు. ఎనిమిది ఫాథమ్‌లు అని వదిలెయ్యి, కావాలంటే సుమారు పద్నాలుగు పదిహేను మీటర్లు అను.

దేవరకొండ_పోరడు | మంగళవారం రాత్రి 10:20

పోయొచ్చిన. పొద్దున చందంపేట దాటి ఊర్లకు పోయేసరికి ఎండ మీదికొచ్చింది, పెద్దాయన పందిరి కింద వల అల్లుకుంట కూసున్నడు. ఈగలపెంట అన్న చెప్పినట్టే పోటంటే ఏంది అని అడగలే, ఎంతసేపు ఉంటది అని అడిగిన. ఆయన నవ్వి, "గంటలేంటి బాబూ, పైన గేట్లెత్తితే పది రోజులైనా ఉంటది" అన్నడు. అంటే సాగర్ సంగతే.

పోటు మీద ఎందుకు కట్టరో కూడ చెప్పిండు. ఎర్ర నీళ్లు వస్తయి, దాంట్ల చెట్ల కొమ్మలు కంపలు కొట్టుకొస్తయి, వలకు తగిలితే చింపేస్తయి, మన్ను పట్టి వల బరువెక్కి బెండ్లు మునుగుతయి. నేల చదునుగ ఉన్నకాడ అడుగు నీళ్లు పెరిగినా ఒడ్డు ఇరవై ముప్పై గజాలు జరిగిపోతది, సాయంత్రం ఒడ్డున మొద్దుకు కట్టిన తాడు పొద్దున నడి నీళ్లల్ల ఉంటది, ఎక్కడ కట్టినమో దొరకదు. నీళ్లు తియ్యబట్టినంక ఒడ్డు ఎంట గుంటల్ల చేపలుంటయి, అప్పుడు కడ్తరంట. మరీ తొందరగ తీస్తే వల మొద్దుల మీద ఎండిపోతది, అందుకే రాత్రికి ఒకసారి లేచి చూసుకుంటడంట.

అలివి అడిగిన. వాళ్ల నాయిన సముద్రంలనే లాగిండు, ఇక్కడ లాగలే. "ఇక్కడ లాగేదాన్ని అలివి అంటే మా నాన్న ఒప్పుకునేవోడు కాదు" అన్నడు. అది రికార్డు చేసుకున్న, మేడమ్‌కి పంపుత.

ఇప్పుడు నేను తిరగరాసింది తెలుగుల చెప్తున్న, చూడండి: "పైనుంచి వరద వచ్చి రిజర్వాయర్ నీళ్లు పెరుగుతున్నప్పుడు మేం కట్టు వలలు పెట్టం. నీళ్లు తగ్గడం మొదలైనంక ఒడ్డు వెంట పెడ్తం. మా నాయిన కాలంల, సముద్రం ఒడ్డున, జనం కలిసి అలివి లాగేటోళ్లు. అది వేరే రకం చేపల వేట." పోటు, పాటు, అలివి మూడు మాటలు అట్లనే తెలుగుల ఉంచి పక్కన వాక్యం రాసిన. సముద్రం ఒడ్డున అనేది ఆయన మొదటి ఆడియోల అనలే, ఇయ్యాల అన్నడు, కాబట్టి అది రెండో రోజు చెప్పిండని తేదీ వేసిన.

ఒక్కటి తేలలే. నేను లేస్తుంటే ఆయన "రేపు చిన్న పోటుంది, పొద్దున్నే తీసేస్తది" అన్నడు. గేట్లు మూసే ఉన్నయి కదా ఇప్పుడు.

ఈగలపెంట_క్వార్టర్స్ | మంగళవారం రాత్రి 10:45

పవర్‌హౌజ్ అయ్యుంటది తమ్మీ. కానీ చందంపేట దాకా వచ్చేసరికి అది అంత తెలుస్తదా అని నాకు డౌటు, నేను చూసింది డ్యాం కిందనే. గాలికి నీళ్లు ఒక దిక్కుకు ఎక్కినా పోటంటరేమో, ఉప్పుగాలి చెల్లె చెప్పాలె.

ఉప్పుగాలి | మంగళవారం రాత్రి 11:10

తాతయ్య ఉంటే అడిగేదాన్ని అన్నా. అమ్మని అడిగాను, గాలి పోటు అనే మాట తను విన్నాను అంటోంది కానీ సాగర్‌లోనా సముద్రంలోనా గుర్తు లేదంటోంది. తమ్ముడూ మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావు? నేనూ వస్తాను, అమ్మని కూడా తీసుకొస్తాను.

దేవరకొండ_పోరడు | మంగళవారం రాత్రి 11:25

వచ్చే ఆదివారం అక్కా. అమ్మను తప్పకుండ తీసుకరా, ఆయనకు మాట్లాడేటోళ్లు దొరికితే నాకన్న మంచిగ చెప్తడు. పొద్దున ఏడింటికి సాగర్ నుంచి బయలుదేరుండి, నేను దేవరకొండ నుంచి వచ్చి ఊరి కాడ ఉంట. స్కేలు తెస్త, కన్ను కూడ కొలుద్దాం.